రామాలయం వీధి రోడ్డు, కాలువ పని రికార్డుల కోసం దరఖాస్తు

తేదీ: 18-11-2024

పంచాయతీ కార్యదర్శి, ప్రజా సమాచార అధికారి గారికి,
గ్రామ పంచాయతీ కార్యాలయం,
వెంకటాయపాలెం, గుంటూరు జిల్లా.

విషయం: సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) ప్రకారం సీసీ రోడ్డు, సైడు కాలువ పని తీర్మానాలు, ఖర్చు రికార్డుల నకళ్లు కోరడం గురించి.

అయ్యా,

2023-24 ఆర్థిక సంవత్సరంలో మన ఊళ్లో రామాలయం దగ్గర నుంచి చెరువు కట్ట దాకా సీసీ రోడ్డు, దాని పక్కన మురుగు కాలువ వేశారు. శిలాఫలకం మీద అంచనా విలువ రూ.7,50,000 అని, నిధులు 15వ ఆర్థిక సంఘానివని ఉంది. రోడ్డు కట్ట దాకా పడింది. కాలువ మాత్రం కల్వర్టుకు సుమారు 20 మీటర్ల ముందే ఆగింది, మురుగంతా అక్కడ రోడ్డు మీదే నిలుస్తోంది. ఆ 20 మీటర్లు అంచనాలో ఉన్నాయో లేదో, బిల్లులో చేరాయో లేదో రికార్డు చూస్తేనే తెలుస్తుంది. అందుకని ఈ కింది వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు.

1. ఈ పనిని ఆమోదించిన గ్రామసభ, పంచాయతీ సమావేశాల తీర్మానాలు. తీర్మానం నంబరు, తేదీ, హాజరైనవారి సంతకాలు ఉన్న పేజీలతో సహా మినిట్స్ పుస్తకం నకలు కావాలి. టైపు చేసిన సారాంశం సరిపోదు.

2. పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు ఉత్తర్వులు, వివరమైన ఎస్టిమేట్, డ్రాయింగు.

3. వర్క్ ఆర్డరు, అగ్రిమెంటు.

4. ఎం-బుక్‌లో ఈ పని కొలతలు రాసిన అన్ని పేజీలు. కాలువ పొడవు, వెడల్పు, లోతు, రోడ్డు మందం విడివిడిగా కనిపించాలి. చెక్ మెజర్‌మెంటు చేసిన అధికారి సంతకం, తేదీ ఉన్న పేజీ కూడా ఇవ్వగలరు.

5. పార్ట్ బిల్లులు, ఫైనల్ బిల్లు, వోచర్లు, క్యాష్ బుక్‌లో సంబంధిత పేజీలు. బిల్లులో కోసిన పన్నులు, సీనరేజి, డిపాజిట్ల వివరం ఉన్న పత్రం. ఖర్చును టైడ్, అన్‌టైడ్ గ్రాంట్లలో దేనికింద ఎంత రాశారో చూపే పత్రం.

6. క్వాలిటీ కంట్రోల్ పరీక్షల నివేదిక, పని పూర్తయిన ధ్రువపత్రం.

ఎం-బుక్ వంటివి పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం దగ్గర ఉంటే, సెక్షన్ 6(3) ప్రకారం దరఖాస్తులో ఆ భాగాన్ని 5 రోజుల్లోపు వారికి బదిలీ చేసి నాకు తెలియజేయాలి. మిగతా వాటిని దానికోసం ఆపవద్దని మనవి. ఏదైనా పత్రం అసలు తయారు చేయకపోతే ఆ సంగతే రాతపూర్వకంగా ఇవ్వండి.

గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. నకళ్లకు పేజీల సంఖ్య, లెక్క చూపి ఎంత కట్టాలో తెలిపితే కట్టి రశీదు తీసుకుంటాను. సెక్షన్ 7(1) ప్రకారం 30 రోజుల్లో సమాచారం అందించాలి. ఏదైనా నిరాకరిస్తే వర్తించే సెక్షను, కారణం, మొదటి అప్పీలు అధికారి హోదా, చిరునామా, అప్పీలు గడువు తెలియజేయగలరు.

నకళ్లు తీసుకునే ముందు అసలు రికార్డులను కార్యాలయంలో పరిశీలించదలిచాను. తేదీ, సమయం తెలపండి. ఈ దరఖాస్తు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకంతో రసీదు ఇప్పించగలరు.

ఇట్లు,
(సంతకం)
ఎన్. సుబ్బారావు,
ఇంటి నం. 4-62, రామాలయం వీధి,
వెంకటాయపాలెం.