మీ పెళ్లి ఫొటోల ఎడిటింగ్ గురించి

శ్రావణి గారూ, నమస్కారం.

మీరు పంపిన 64 ఫొటోలు నిన్న సాయంత్రానికి అందాయి. ఫోనులో ఎర్ర గీతలు చుట్టి పంపిన కాపీలు కూడా చూశాను. నడుము సగానికి తగ్గించాలి, చేతులు సన్నబడాలి, గడ్డం కింద ఏమీ కనిపించకూడదు, మొత్తం మీద రెండేళ్ల కిందటి నిశ్చితార్థం ఫొటోలో ఉన్నట్టు ఉండాలి అన్నారు. చివర్లో, "మా చుట్టాల గ్రూపులో ఒకరు ఫొటో చూసి ఏదో అన్నారు, అప్పటి నుంచి ఆల్బమ్ మాట ఎత్తబుద్ధి కావడం లేదు" అని రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. అందుకే ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేయకుండా కూర్చుని రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెబుతాను. మీరు అడిగినంత సన్నగా మిమ్మల్ని మార్చను. కానీ ఈ ఫొటోల్లో మీకు నచ్చనిది చాలావరకు మీ ఒళ్లు కాదు. ఆ రోజు లెన్సూ లైట్లూ బట్టలూ కలిసి చేసిన పని అది. దాన్ని సరిచేయడం నాకు వచ్చు, చేస్తాను కూడా.

నమ్మకం కుదరడానికి ఒక్క ఫొటో చూడండి. జీలకర్ర-బెల్లం ఫొటో, DSC_4187. మీరు ఎడమ చివర ఉన్నారు. మీ మోచేతి దగ్గర ఇత్తడి కలశం ఉంది. కలశం గుండ్రంగా ఉంటుంది కదా? ఈ ఫొటోలో అది అడ్డంగా సాగిపోయి, ఎవరో పక్కకి లాగినట్టు ఉంది. కుడి చివర కూర్చున్న కళ్లజోడు పెద్దాయన తల కూడా అంతే, ఉన్నదానికన్నా వెడల్పయింది. ఫైలు వివరాలు తెరిస్తే 24 మి.మీ. అని ఉంది. ఇరుకు మండపంలో ఇరవై మందిని ఒక్క ఫొటోలో పట్టించాలంటే ఫొటోగ్రాఫర్‌కి వేరే దారి లేదు, ఆయన్ని తప్పు పట్టను. కానీ అంత వెడల్పు లెన్సులో మధ్యలో ఉన్నవాళ్లు ఉన్నట్టే ఉంటారు, అంచుల్లో ఉన్నవాళ్లు పక్కకి సాగుతారు. పెళ్లికూతురు అంచున పడింది. పురోహితుడు మధ్యలో కూర్చుని, ఆయన మటుకు చక్కగా వచ్చారు!

రాత్రి నేను చేసింది ఏమిటంటే, ఆ సాగుడు తీసేశాను. కొలతకు కలశాన్నే పెట్టుకున్నాను. అది గుండ్రంగా అయ్యేదాకా వెనక్కి తెచ్చి అక్కడ ఆపాను. దానితో పాటు మీరూ తగ్గారు, ఆ పెద్దాయనా తగ్గారు. ఈ ఉత్తరంతో పాటు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపుతున్నాను. ఇందులో నేను సొంతంగా సన్నబరచింది ఒక్క గీత కూడా లేదు. మీరు ఎర్ర గీత చుట్టిన 64లో ఇలా అంచుల్లో పడ్డవి పందొమ్మిది ఉన్నాయి.

రెండోది వెలుతురు. రిసెప్షన్ ఫొటోలన్నిటిలోనూ వెనక ఊదారంగు ఎల్ఈడీ లైట్లు, ముందు నుంచి సూటిగా ఫ్లాష్. సూటి ఫ్లాష్ పడితే దవడ గీత మాయమవుతుంది. ముఖమూ మెడా ఒకే పళ్లెంలా కలిసిపోతాయి. అక్కడ లేనిది తీసుకురావక్కర్లేదు, ఉన్న గీతకు కాస్త నీడ తిరిగి ఇస్తే చాలు. మా నాన్న ఫిల్ము రోజుల్లో స్టూడియోలో నెగెటివ్‌లు దిద్దేవారు. దీపం ముందు నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో దాని మీద చుక్కలు పెట్టేవారు. నెగెటివ్ మీద నల్లబడ్డ చోట ప్రింటులో తెల్లబడుతుంది, అంటే అంతా తలకిందులుగా ఊహించుకుని దిద్దాలి. అందులో ముడత తగ్గించేవారు, కంటి కింద నలుపు తగ్గించేవారు. నడుము తగ్గించే పెన్సిలు ఆయన దగ్గర లేదు. నా దగ్గర ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడోది బట్ట. పట్టుచీర కొత్తది, కుచ్చిళ్లు గంజి పెట్టినట్టు ముందుకు పొంగి ఉన్నాయి. కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర కనిపించేది సగం చీరే. జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టారు, అంచు నొక్కుకుని దండ మీద గాడి పడింది. వంకీ కూడా అక్కడే నొక్కుతోంది. పొంగిన కుచ్చిళ్లు అణుస్తాను, ఆ గాడి తీసేస్తాను, జారిన పైట సర్దుతాను. ఇదంతా పక్కనున్న అక్కో వదినో ఆ నిమిషంలో చేయి పెట్టి సర్ది ఉండాల్సిన పని. ఎవరూ చూసుకోలేదు, ఇప్పుడు నేను సర్దుతాను. మూడు రోజులుగా నిద్ర లేని కళ్ల కింది నలుపు, నుదుటి మీద చెమట మెరుపు, మీ వెనక కనిపిస్తున్న ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల సీసాలు కూడా పోతాయి.

తలంబ్రాల ఫొటోలు నాలుగింటిలో కెమెరా కింద నుంచి పైకి చూస్తోంది, మీ చెయ్యి దాని ముందుకే వచ్చింది. దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది. వీటికి ఎడిటింగ్ కన్నా మంచి మార్గం ఉంది. ఆ నిమిషంలో ఫొటోగ్రాఫర్ పది పన్నెండైనా తీసి ఉంటారు. DSC_4230 నుంచి DSC_4260 వరకు ఉన్నవన్నీ అడిగి తెప్పించండి. వాటిలో మంచిది తప్పకుండా దొరుకుతుంది.

ఇక నడుము సగానికి ఎందుకు చేయనంటున్నానో చెప్పాలి. చేయలేక కాదు. ఫొటోషాప్‌లో లిక్విఫై అని ఒక పరికరం ఉంటుంది. బొమ్మను తడి మట్టిలా పట్టుకుని లోపలికి తోయవచ్చు. కానీ అది మనిషిని మాత్రమే తోయదు, పక్కనున్నదాన్నీ లాక్కుని వెళుతుంది. మీ ఫొటో ఒకటి తీసుకుని అడిగినంతా చేసి చూశాను. వెనకున్న అరటి చెట్టు విల్లులా వంగింది. మధుపర్కం చీర ఎర్ర అంచు పాములా మెలికలు తిరిగింది. వడ్డాణం మధ్యలో లక్ష్మీదేవి ముఖం పక్కకి నొక్కుకుపోయింది, బిళ్లలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. వీటన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటిగా కూర్చి అతకవచ్చు, రోజులు పడుతుంది, అయినా పెద్ద షీటు మీద ప్రింటు వేస్తే కళ్లకి ఏదో తేడా తెలుస్తూనే ఉంటుంది.

పనితనం ఒక్కటే అయితే ఎలాగో తంటాలు పడేదాన్ని. కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి మీరు అడిగినట్టే అడిగితే అంతా చేసి ఇచ్చాను. ఆల్బమ్ చూసి చాలా సంతోషించింది. ఆరు నెలల తర్వాత ఫోను చేసి, అప్పగింతల ఫొటో ఒకటి పెద్దది చేయించుకుంటాను, పాత ఫైలు ఉందా అని అడిగింది. ఎందుకమ్మా, దిద్దింది ఉందిగా అన్నాను. అందులో వాళ్ల నాన్న ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు. నేను భుజం తగ్గించినప్పుడు ఆయన వేళ్లు కూడా సన్నబడి, వంకరపోయాయి. పొలంలో పని చేసిన చెయ్యి అది, కణుపులు లావుగా ఉంటాయి. "ఇది మా నాన్న చెయ్యి కాదు" అంది. నేను ఆ ఫొటో మీద మూడు గంటలు కూర్చున్నాను, ఆ చెయ్యి ఒక్కసారీ చూడలేదు. కొత్త ప్రింటు ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ పరికరాన్ని బట్ట మీద తప్ప మనిషి మీద వాడటం లేదు.

ఇంకొకటి. మీ పెళ్లి వీడియో ఉంది. వచ్చినవాళ్ల ఫోనుల్లో కొన్ని వందల ఫొటోలు ఉన్నాయి. ఆల్బమ్‌లో ఒక శ్రావణి, వీడియోలో ఇంకో శ్రావణి ఉంటే, గ్రూపులో ఆ మాట అన్నవాళ్లకి మళ్లీ మాట్లాడటానికి పని కల్పించినట్టే అవుతుంది. (వాళ్లు ఎలాగూ మాట్లాడతారనుకోండి.)

సినిమా పోస్టర్లలో, చీరల ప్రకటనల్లో అందరికీ చేస్తారు కదా అని అడిగారు. చేస్తారు. ప్రకటన అమ్మకానికి, అయినా అక్కడా ప్రశ్నలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబరు నుంచి, వ్యాపార ప్రకటనలో మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మారిస్తే ఇది రీటచ్ చేసిన ఫొటో అని దాని మీద రాయాలి. నార్వేలో అలాంటి నిబంధనే 2022 జులైలో వచ్చింది. మీ ఆల్బమ్ కింద అలాంటి చీటీ ఎవరూ అంటించమనరు, అంటించాల్సిన అవసరం రాకుండా చేద్దామనే నా ఉద్దేశం.

పని వివరాలు. ఎర్ర గీత చుట్టిన వాటిలో నిజంగా దిద్దాల్సినవి 41. మిగిలిన 23కి రంగు సరిచేస్తే చాలు, వాటికి డబ్బు తీసుకోను. దిద్దే ఫొటో ఒక్కోటికి 120 రూపాయలు, మొత్తం 4,920. మీరు ఇచ్చిన 3,000 అడ్వాన్సు అందులోనే. ఇప్పుడు పంపిన జీలకర్ర-బెల్లం ఫొటో కాక, శుక్రవారంలోగా ఇంకో రెండు పూర్తిగా చేసి పంపుతాను, ఒకటి రిసెప్షన్‌ది, ఒకటి మధుపర్కాలది. అవి ఫోనులో కాకుండా కంప్యూటర్‌లోనో టీవీలోనో పెద్దగా పెట్టి చూడండి. నచ్చకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను, ఫైళ్లు కూడా ఇస్తాను, మీకు కావలసినట్టు చేసేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు, నేనేమీ అనుకోను. ఏది చేసినా అసలు ఫైళ్లు మాత్రం ఎవరినీ తుడిచేయనివ్వకండి. ఒక హార్డ్ డిస్క్‌లో వేసి అమ్మగారింట్లో ఒకటి ఉంచండి.

ఒక్క ఫొటో గురించి విడిగా అడగాలి. DSC_4402. ఉంగరం తీసే బిందె ఆట. మీరు ఉంగరం చేతికి దొరికి, తల వెనక్కి వేసి నవ్వుతున్నారు. మీ వారు తడి చేత్తో నుదురు కొట్టుకుంటున్నారు. మీరు గడ్డం కింద పెద్ద ఎర్ర సున్నా చుట్టారు. ఆ మడత నవ్వుతో వచ్చింది, దాన్ని తీసేసి చూశాను, నోరు నవ్వుతూ మెడ మాత్రం ఊరుకున్నట్టు ఉంది. ఇందులో మీ బుగ్గ మీద పడ్డ ఊదారంగు ఒక్కటి తీసి, మిగతాది అలాగే వదిలేయనా? మీరు ఊఁ అంటే దీన్ని ఆల్బమ్‌లో ఒక షీటు నిండా వేద్దామని ఉంది.

పద్మజ
రాజమహేంద్రవరం