పుపుస ధమని దగ్గర ఆగి ఆలోచించాల్సిన ప్రశ్నలు

పదో తరగతి, జీవశాస్త్రం. పాఠం: రక్త ప్రసరణ. అభ్యాస పత్రం, వివరణలతో.

శుక్రవారం స్లిప్ టెస్టులో రెండో ప్రశ్న "ధమని అంటే ఏమిటి?" మన 41 మందిలో 29 మంది "ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని తీసుకెళ్లే నాళం" అని రాశారు. అదే పేపరులో కింద గుండె బొమ్మ గీసి, పుపుస ధమనికి నీలం రంగు వేశారు. బొమ్మ సరిగ్గా ఉంది. నిర్వచనం ఆ బొమ్మతో కలవలేదు. పేపర్లు దిద్దుతుంటే, ఈ పొరపాటు మీదొక్కరిదే కాదనిపించింది. కింది తరగతుల్లో "ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడ్డ రక్తం" అని పెద్దవాళ్లం చెప్పిన మాటే మీ మనసులో ఉండిపోయింది. ఆ మాటను సరిచేయడానికే ఈ పత్రం తయారు చేశాను. ముందు వివరణ చూడకండి. కింద కాగితంతో మూసి, మీ జవాబు రాసుకున్నాకే తీయండి.

1. "ధమనులన్నీ ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న రక్తాన్ని తీసుకెళ్తాయి." ఈ వాక్యం తప్పని ఒక ఉదాహరణతో చూపి, సరిచేసి రాయండి. (2 మార్కులు)

పుపుస ధమని కుడి జఠరిక నుంచి బయలుదేరి ఊపిరితిత్తులకు వెళ్తుంది. అందులో ఉండేది శరీరమంతా తిరిగి వచ్చిన, ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం. సరైన వాక్యం: గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లే నాళం ధమని, గుండెకు తిరిగి తెచ్చే నాళం సిర.

"పుపుస ధమని తప్ప మిగతా ధమనులన్నీ..." అని రాసినవాళ్లకు ఒక మార్కే ఇస్తాను. ఎందుకో 6వ ప్రశ్నలో తెలుస్తుంది.

2. పిక్క కండరంలో ఉన్న ఒక రక్తపు బొట్టు బృహద్ధమనిని చేరేదాకా ఏ దారిలో వెళ్తుంది? దారిలో దాని రంగు ఎక్కడ మారుతుంది? (4 మార్కులు)

కాలి సిరలు, పర మహాసిర, కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తుల్లోని రక్తకేశనాళికలు, పుపుస సిర, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని.

రంగు మారేది రక్తకేశనాళికల్లో మాత్రమే, వాయుగోణుల పక్కన. దారి అందరూ సరిగ్గానే రాస్తారు, రెండో భాగం దగ్గరే తడబడతారు. గుండెలో రక్తం శుభ్రపడదు. పుపుస ధమనిలోనూ శుభ్రపడదు. ధమని గోడ మందంగా ఉంటుంది కాబట్టి దాని గుండా ఆక్సిజన్ లోపలికి రాదు. కేశనాళిక గోడ ఒకే ఒక కణం మందం, వాయుగోణి గోడ కూడా అంత పలుచనే. అందుకే ఆ పని అక్కడ జరుగుతుంది.

రంగు గురించి ఇంకో మాట. చార్టులో నీలం కనిపిస్తుందని రక్తం నీలంగా ఉంటుందనుకోకండి. ఆక్సిజన్ తగ్గితే రక్తం ముదురు ఎరుపవుతుంది, అంతే. నీలం రంగు బొమ్మలో తేడా తెలియడానికి వేసింది. "చెడ్డ రక్తం" అన్న మాట కూడా ఈ రోజుతో వదిలేద్దాం.

3. విశ్రాంతిగా ఉన్న ఒక ఆరోగ్యవంతుడి నాలుగు పెద్ద నాళాల్లో సుమారుగా ఉండే విలువలు కింద ఉన్నాయి. ఏది ఏ నాళమో కారణంతో చెప్పండి. (6 మార్కులు)

| నాళం | హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ పట్టుకున్న భాగం | పీడనం (మి.మీ. పాదరసం) |
|---|---|---|
| క | 98 శాతం | 120/80 |
| గ | 75 శాతం | 25/10 |
| చ | 98 శాతం | సగటున 8 |
| ట | 75 శాతం | సగటున 4 |

ఈ పత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. ఒక్క ఆక్సిజన్ అంకెనే చూస్తే క, చ రెండూ ధమనులు, గ, ట రెండూ సిరలు అనిపిస్తుంది. ఇప్పుడు పీడనం వరుస చూడండి. క, గ దగ్గర రెండేసి అంకెలున్నాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పీడనం పైకి లేచి కిందికి దిగుతోందని అర్థం. జఠరిక నేరుగా నెట్టే నాళాల్లోనే అంత పెద్ద ఎత్తుపల్లాలు ఉంటాయి. కాబట్టి క, గ ధమనులు. చ, ట సిరలు.

ఇప్పుడు ఆక్సిజన్ దగ్గరికి రండి. ధమని అయ్యుండి 98 శాతం ఉన్నది బృహద్ధమని, 75 శాతం ఉన్నది పుపుస ధమని. సిర అయ్యుండి 98 శాతం ఉన్నది పుపుస సిర, 75 శాతం ఉన్నది మహాసిర.

రెండు ధమనుల పీడనంలో ఇంత తేడా ఎందుకని కొందరు అడుగుతారు. అడగాలి కూడా. ఎడమ జఠరిక తల నుంచి కాలి వేళ్లదాకా రక్తాన్ని నెట్టాలి. కుడి జఠరిక నెట్టాల్సింది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు. పైగా అక్కడి నాళాలు రక్తాన్ని పెద్దగా అడ్డుకోవు. పీడనం ఎక్కువైతే ఆ పలుచని కేశనాళికల్లోంచి నీరు వాయుగోణుల్లోకి ఊరుతుంది. అందుకే కుడి జఠరిక గోడ పలుచగా, ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటాయి. అలాగని కుడివైపు తక్కువ రక్తాన్ని నెడుతుందనుకోవద్దు. విశ్రాంతిలో రెండు జఠరికలూ నిమిషానికి దాదాపు 5 లీటర్ల చొప్పున, సమానంగానే పంపుతాయి. ఒకవైపు తగ్గితే రెండోవైపు రక్తం పేరుకుపోతుంది.

75 శాతం అన్న అంకెను కూడా గమనించండి. శరీరమంతా తిరిగి వచ్చాక కూడా హీమోగ్లోబిన్ దగ్గర నాలుగింట మూడు వంతుల ఆక్సిజన్ మిగిలే ఉంది. అందుకే "ఆక్సిజన్ లేని రక్తం" అని కాకుండా "ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం" అని రాయమంటున్నాను. మీరు పరుగెత్తినప్పుడు కండరాలు వాడుకునేది ఈ మిగులులోంచే.

4. ప్రకటన: పుపుస ధమని ఒక ధమని. కారణం: అందులో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం ప్రవహిస్తుంది. (1 మార్కు)

అ) రెండూ సరైనవే, కారణం ప్రకటనను వివరిస్తుంది
ఆ) రెండూ సరైనవే, కానీ కారణం ప్రకటనను వివరించదు
ఇ) ప్రకటన సరైనది, కారణం తప్పు
ఈ) ప్రకటన తప్పు, కారణం సరైనది

జవాబు ఆ. టెన్షన్‌లో అ పెట్టేస్తారు. రెండు వాక్యాల మధ్య "ఎందుకంటే" పెట్టి చదివి చూడండి, అతకదు.

5. హార్వేకు ముందు యూరప్ వైద్యులు పుపుస ధమనిని "ధమని లాంటి సిర" అనీ, పుపుస సిరను "సిర లాంటి ధమని" అనీ పిలిచేవారు. వాళ్లు దేన్నిబట్టి పేరు పెట్టారు? మనం దేన్నిబట్టి పెడుతున్నాం? (4 మార్కులు)

ఈ ప్రశ్న మీకు ధైర్యం ఇవ్వాలని పెట్టాను. మీరు తడబడ్డ చోటే వందల ఏళ్లపాటు గొప్ప వైద్యులూ తడబడ్డారు. వాళ్ల లెక్కలో గుండె కుడివైపుకు చెందినవన్నీ సిరలు, ఎడమవైపుకు చెందినవన్నీ ధమనులు. కానీ కోసి చూస్తే కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే నాళం గోడ ధమని గోడలా గట్టిగా ఉంది. పేరు సిర, రూపం ధమని. అందుకే "ధమని లాంటి సిర" అన్నారు.

13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు, కుడివైపు రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపుకు చేరుతుందని రాశాడు. గుండె మధ్య గోడలో రంధ్రాలేవీ లేవని గట్టిగా చెప్పాడు. 1628లో విలియం హార్వే రక్తం ఒక వలయంగా తిరుగుతుందని ప్రయోగాలతో, లెక్కలతో చూపించాడు. ధమనుల్నీ సిరల్నీ కలిపే సన్నని నాళాలు మాత్రం ఆయనకు కనిపించలేదు. 1661లో మాల్పీజీ సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తుల్లో వాటిని చూశాడు. రక్తం ఎటు వెళ్తుందో తెలిశాక, పేరు కూడా ఆ దిశనుబట్టే అర్థమైంది. మనమూ దిశనుబట్టే పిలుస్తున్నాం.

6. కడుపులో బిడ్డకు బొడ్డుతాడులో రెండు నాభి ధమనులు, ఒక నాభి సిర ఉంటాయి. ఆక్సిజన్ ఎక్కువగా ఉండేది దేనిలో? (3 మార్కులు)

నాభి సిరలో. బిడ్డ ఊపిరితిత్తులు అప్పటికి గాలి పీల్చవు. ఆక్సిజన్ అందేది మాయ దగ్గర. బిడ్డ గుండె రక్తాన్ని నాభి ధమనుల ద్వారా మాయకు పంపుతుంది, అక్కడ ఆక్సిజన్ తీసుకున్న రక్తం నాభి సిర ద్వారా బిడ్డకు తిరిగి వస్తుంది. ఇక్కడ ధమని అంటే బిడ్డ గుండె నుంచి బయటికి వెళ్లేది, తల్లి గుండె నుంచి కాదు. చాలామంది ఆ ఒక్కచోటే తప్పుతారు.

ఇప్పుడు 1వ ప్రశ్నకు వెళ్లండి. "పుపుస ధమని తప్ప" అని రాసుకుంటే నాభి ధమనుల దగ్గర మళ్లీ దెబ్బ తింటారు. మినహాయింపుల జాబితా ఎంత పెంచినా ఇంకోటి వస్తూనే ఉంటుంది. దిశ చూస్తే మినహాయింపు ఒక్కటీ ఉండదు.

7. చేప గుండెలో ఒక కర్ణిక, ఒక జఠరిక ఉంటాయి. గుండె నుంచి బయలుదేరే మొదటి ధమనిలో ఎలాంటి రక్తం ఉంటుంది? (2 మార్కులు)

ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తం. అది మొప్పలకు వెళ్లి, ఆక్సిజన్ తీసుకుని, గుండెకు తిరిగి రాకుండా నేరుగా శరీరానికి వెళ్తుంది. చెరువులో రొయ్యలకు పక్కనే పెంచే బొచ్చె, రాగండి చేపల్లోనూ ఇంతే. వాటి గుండెలోకి వచ్చేదీ, గుండెలోంచి పోయేదీ ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే.

8. ఒకరికి కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ఊడి రక్తంతో కదిలితే మొదట ఎక్కడ ఇరుక్కుంటుంది, మెదడులోనా, ఊపిరితిత్తుల్లోనా? (4 మార్కులు)

ఊపిరితిత్తుల్లో, పుపుస ధమని కొమ్మల్లో. సిరలు గుండెవైపు వెళ్లేకొద్దీ వెడల్పవుతాయి, కాబట్టి దారిలో గడ్డ ఎక్కడా ఆగదు. కుడి కర్ణిక, కుడి జఠరిక దాటాక పుపుస ధమనిలో పడుతుంది. అక్కడి నుంచి నాళాలు చీలుతూ సన్నబడతాయి, అక్కడే ఇరుక్కుంటుంది. ఊపిరితిత్తులు దాటకుండా రక్తం మామూలుగా ఎడమవైపుకు రాదు, ఎడమవైపుకు రాకుండా మెదడుకు వెళ్లదు. కాలు ఒకవైపు వాచి నొప్పిగా ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఆయాసం వస్తే డాక్టర్లు కంగారుపడేది ఇందుకే. ఇంట్లో ఎవరికైనా అలా అయితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.

9. (వివరణ లేదు. సోమవారం మీరే బోర్డు మీద గీసి చెప్పాలి.)

కొద్దిమంది పిల్లలు గుండె నుంచి వచ్చే రెండు పెద్ద ధమనులు తారుమారై పుడతారు. బృహద్ధమని కుడి జఠరిక నుంచీ, పుపుస ధమని ఎడమ జఠరిక నుంచీ మొదలవుతాయి. సిరలు మాత్రం ఉండాల్సిన చోటే ఉంటాయి. సాధారణంగా పుట్టిన మొదటి వారాల్లోనే ఆపరేషన్ చేసి సరిచేస్తారు. ఆపరేషన్‌కు ముందు ఆ బిడ్డ పుపుస ధమనిలో ఆక్సిజన్ ఎక్కువా, తక్కువా? దాన్ని ఇప్పుడు సిర అనాలా, ధమని అనే అనాలా? బృహద్ధమని శరీరానికి ఏ రక్తాన్ని పంపుతోంది? బిడ్డ పెదవులు ఏ రంగులో కనిపిస్తాయి? రెండు వలయాలూ ఒకదానితో ఒకటి ఎక్కడా కలవకపోతే ఏమవుతుంది? పెన్సిల్‌తో బాణం గుర్తులు వేసుకుంటూ రండి.