సోషల్ మీడియాకి నెలకి ఎంత? నా లెక్క

అక్కా,

మన బ్యాగుల వ్యాపారానికి యాడ్స్ బడ్జెట్ సంగతి ఫోన్‌లో మాట్లాడితే మళ్లీ వాదనలోకి దిగుతాం, అందుకే రాసి పంపుతున్నాను. నా ఉద్దేశం ముందే చెప్పేస్తున్నా: వచ్చే నెల నుంచి అమ్మకాల్లో 2 శాతం. గత మూడు నెలల సగటు 4 లక్షలు కాబట్టి 8 వేలు. ఫొటోలు, వీడియోలు, యాడ్స్ మీద పడే పన్ను, అన్నీ అందులోనే.

"అందరూ 5 నుంచి 10 శాతం పెడతారు కదా" అంటావని తెలుసు. సరుకు మీద సగానికి సగం మిగిలేవాళ్లకి ఆ లెక్క సరిపోతుంది. మనకి వంద అమ్మితే సరుకుకి 68, ప్యాకింగ్‌కి డెలివరీకి కలిపి 11, ఆన్‌లైన్ పేమెంట్ చార్జీలకి 2, వాపసు వచ్చినవాటికి 4 పోతున్నాయి. మిగిలేది 15. అద్దె, జీతం, కరెంటు, లోను వాయిదా కలిపి నెలకి 40 వేలు, అంటే ఇంకో 10. యాడ్స్ ఊసెత్తకముందే మన లాభం 5 శాతం. పోయిన నెల కూడా అమ్మకం 4 లక్షల దగ్గరే ఉంది, యాడ్స్‌కి 28 వేలు పెట్టాం. అది 7 శాతం. లాభం 20 వేలూ పోయి, ఇంకో 8 వేలు చేతి నుంచి పడింది.

యాడ్స్ రిపోర్ట్‌లో "పెట్టినదానికి 4 రెట్లు" అని చూసి మనిద్దరం సంతోషపడ్డాం. 28 వేలకి 1,12,000 అమ్మకం. కానీ అది అమ్మకం, లాభం కాదు. దాని మీద మనకి మిగిలేది 15 శాతం చొప్పున 16,800. పెట్టిన డబ్బే తిరిగి రావాలన్నా మనకి 4 కాదు, దాదాపు 6.7 రెట్లు అమ్మకం కావాలి (1ని 0.15తో భాగిస్తే వచ్చేది అదే). పైగా ఎలాగూ కొనేవాళ్లు యాడ్ నొక్కి కొన్నా, ఆ అమ్మకాన్నీ యాడ్ ఖాతాలోనే రాసుకుంటారు. ఆ రిపోర్ట్ తయారుచేసేది యాడ్ అమ్మినవాళ్లే కదా!

అయితే ఆ 15 సగటు మాత్రమే. బిల్లులు విడివిడిగా తీసి చూశాను. పెద్ద ట్రావెల్ బ్యాగుల మీద వందకి 26 మిగులుతోంది, చిన్న పౌచ్‌ల మీద 6. చిన్నవాటికి డెలివరీ ఖర్చే సగం ప్రాణం తీస్తోంది. పౌచ్‌కి యాడ్ వేస్తే 16 రెట్లకి పైగా అమ్మాలి, అది అయ్యే పని కాదు. పెద్ద బ్యాగుకైతే 3.9 రెట్లు చాలు. కాబట్టి డబ్బు పెట్టే యాడ్ పెద్ద బ్యాగులకే. పౌచ్‌లకి నువ్వు మామూలుగా పెట్టే పోస్టులు చాలు.

8 వేలలో పన్నుతో కలిపి 6 వేలు యాడ్స్‌కి, 2 వేలు ఫొటోలకి, వీడియోలకి. ఆ 6 వేలని నాలుగైదు యాడ్స్‌కి పంచొద్దు. ఒక్కో యాడ్ సెట్‌కి వారానికి 50 దాకా ఫలితాలు వస్తేగానీ అది కుదురుకోదంటారు. మన డబ్బుకి అన్ని కొనుగోళ్లు రావు. అందుకని ఒకే యాడ్ సెట్, కొనుగోళ్లకి బదులు మెసేజ్‌లు వచ్చేలా పెడదాం. ధర అడిగినవాళ్లకి నువ్వు జవాబిచ్చే తీరుకి సగం మంది కొనేస్తారు, ఇది పొగడ్త కాదు.

డిస్కౌంట్ సంగతి కూడా ఇందులోకే వస్తుంది. "ఈ పోస్ట్ చూసినవాళ్లకి 10 శాతం తగ్గింపు" అంటే బ్యాగు మీద మిగిలే 26లో 10 అక్కడే పోయినట్టు. ఇకనుంచి కూపన్ ఇస్తే దాన్నీ ఈ 8 వేలలోంచే తీసి రాద్దాం. అప్పుడు చూడు, ఎన్ని కూపన్లు ఇవ్వబుద్ధేస్తుందో.

శాతంతో ఒక చిక్కుంది. అమ్మకాలు పడిపోయిన నెల బడ్జెట్ కూడా పడిపోతుంది, జనానికి కనిపించాల్సింది అప్పుడే. అందుకే ఏ నెలకా నెల కాకుండా మూడు నెలల సగటు మీద లెక్కేద్దాం, ఎంత తగ్గినా 5 వేలకి కిందికి దిగొద్దు. ఆ కాస్త ఖర్చు కూడా బరువనిపించే పరిస్థితి వస్తే మొత్తం ఆపేద్దాం. రోజుకి యాభై, వంద చల్లితే ఏదీ తేలదు.

పెంచేది ఎప్పుడంటావా? రిపోర్ట్ చూసి కాదు. మొదటి రెండు వారాలు యాడ్ నడిపి, తర్వాత రెండు వారాలు ఆపుదాం. పెద్ద బ్యాగుల ఆర్డర్లు రెండు సగాల్లో ఎన్నొచ్చాయో మన పుస్తకంలోనే చూసుకుందాం. తేడాగా వచ్చిన అమ్మకంలో 26 శాతం, పెట్టిన 6 వేలని దాటాలి. అంటే 23 వేలకి కాస్త పైనే అమ్మకం అదనంగా కనిపించాలి. వరసగా రెండు నెలలు అలా వస్తే 3 శాతానికి వెళ్దాం. మళ్లీ మళ్లీ కొనేవాళ్లు ఎంతమందో తేలితే ఇంకాస్త ధైర్యం చేయొచ్చు. ఆర్డర్ల లిస్టులో ఒకే ఫోన్ నంబర్ రెండుసార్లు వచ్చినవి గుర్తుపెట్టడం ఈ వారమే మొదలుపెడతాను.

నీకు సరేననిపిస్తే 1వ తేదీకల్లా యాడ్ ఖాతాలో నెల పరిమితిని పన్నుతో కలిపి 6 వేలు దాటకుండా మార్చెయ్. పాత యాడ్స్ మూడూ ఇవాళే ఆపు.

తమ్ముడు