సబ్జెక్ట్: అప్రైజల్ ఫారం నింపే ముందు మీతో ఒక మాట

మేనేజర్ గారికి,

నమస్తే సార్. వచ్చే వారం అప్రైజల్ ఫారాలు విజయవాడ హెడ్డాఫీసుకి వెళ్తాయని తెలిసింది. ఎదురుగా కూర్చుంటే మొహమాటంతో సగం మింగేస్తాను, అందుకే రాస్తున్నాను.

పోయిన సెప్టెంబరు 8న జీఎస్టీ చూసే అక్క ప్రసూతి సెలవు మీద వెళ్లినప్పుడు, "కొన్నాళ్లు నువ్వు చూసుకో అమ్మా" అన్నారు మీరు. నా పర్చేజ్ ఎంట్రీలు, సప్లయర్ల పేమెంట్లు చూసుకుంటూనే ఆ పనీ తీసుకున్నాను. 26 వారాలు నడిచింది. నెలనెలా 11లోపు జీఎస్టీఆర్-1, 14న 2బీ రాగానే మన రిజిస్టరుతో బిల్లు బిల్లూ సరిచూడటం, 20లోపు 3బీ. ఒక్క నెల కూడా లేట్ ఫీజు పడలేదు.

నేను పని అందుకున్న రెండు వారాలకే రేట్లు మారాయి. చాలా మందులకు 12 శాతం పోయి 5 శాతం వచ్చింది. సెప్టెంబరు 22 పొద్దున మొదటి బిల్లే కొత్త రేటుతో కొట్టాలి. ముందురోజు ఆదివారం, పైగా మహాలయ అమావాస్య. ఇంట్లో పెద్దవాళ్లకు బియ్యం ఇచ్చిన వెంటనే ఆఫీసుకి వచ్చాను. ఐటెం మాస్టర్‌లో దాదాపు 3,400 మందులు. కొన్ని ముందునుంచీ 5లోనే ఉన్నాయి, కొన్నింటికి సున్నా అయింది, కాబట్టి అన్నింటికీ ఒకేసారి మార్చేయడానికి లేదు. గోడౌన్ తమ్ముడు లిస్టు చదువుతుంటే నేను మార్చుకుంటూ పోయాను. లేచేసరికి రాత్రి తొమ్మిదిన్నర. సోమవారం మీరు వచ్చేటప్పటికి బిల్లింగ్ మామూలుగానే నడుస్తోంది, అందుకే ఈ సంగతి మీదాకా రాలేదనుకుంటాను.

డిసెంబరులో ఒక సప్లయర్ మన బిల్లుల్ని బీ2సీలో ఎక్కించారు. 2బీలో అవి కనిపించకపోవడంతో 38,640 రూపాయల క్రెడిట్ ఆగింది. నాలుగుసార్లు ఫోన్ చేసి, బిల్లు కాపీలు పంపి సరిచేయించాను. మరుసటి నెల మనకు వచ్చింది.

తప్పు కూడా చెప్పాలి. నవంబరులో ఒక సేల్స్ రిటర్న్‌కి తప్పు రేటు వేశాను. రిటర్న్ ఫైల్ చేయకముందే నాకే దొరికింది, దిద్దుకున్నాను.

అక్క ఈ నెల 10న వచ్చేశారు. ఫైళ్లన్నీ అప్పగించాను. పిల్ల చిన్నది కదా, 2బీ మ్యాచింగ్ మాత్రం నేనే చేస్తానని చెప్పాను. ఆమె వాటా తగ్గాలని నేను ఈ ఉత్తరం రాయడం లేదు సార్.

ఇంత పెంచండి అని అడగను, అది మీరు చూసి నిర్ణయించేది. నా ఫారంలో పాత పని ఒక్కటే కాకుండా, ఈ ఆరు నెలల జీఎస్టీ పని కూడా మీ చేత్తో ఒక పేరా రాయమని కోరుతున్నాను. హెడ్డాఫీసు వాళ్లకు నా గురించి తెలిసేది ఆ కాగితం మీదే. ఫైలింగ్ రసీదులు, నెలవారీ మ్యాచింగ్ షీట్లు ఒక ఫోల్డర్లో పెట్టాను. గురువారం లోపు ఓ పదిహేను నిమిషాలు వీలైతే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
సుజాత
అకౌంట్స్