మారతహళ్లి ఇంటి అగ్రిమెంట్: 9వ క్లాజు మామూలు తెలుగులో

బాబాయ్, పిన్నీ,

శనివారం మీరు సంతకం పెట్టబోయే అగ్రిమెంట్‌లో 9వ క్లాజు అసలు కష్టమైనది. ఇంగ్లీషులో అరపేజీ నిండా ఒకే వాక్యం. విడగొట్టి తెలుగులో రాశాను. మీకు నచ్చని మాటను మెత్తగా చేయలేదు, అందులో లేని హక్కును కలపలేదు. గొడవ వస్తే చెల్లేది ఇంగ్లీషు కాపీయే కాబట్టి, ఇది దాని పక్కన పెట్టుకుని చదవండి.

9.1. ఇల్లు 2025 ఆగస్టు 1 నుంచి 11 నెలలకు ఇస్తున్నారు. మొదటి 6 నెలలు, అంటే 2026 జనవరి 31 వరకు, మీరు ఖాళీ చేయకూడదు. చేస్తే ఆ 6 నెలల్లో మిగిలిన నెలల అద్దె కట్టాలి. ఓనరు దాన్ని డిపాజిట్‌లోంచి పట్టుకోవచ్చు, చాలకపోతే మిగతాది మీరు కట్టాలి. ఈ 6 నెలల్లో ఓనరు కూడా మిమ్మల్ని ఖాళీ చేయమనకూడదు. వరుసగా 2 నెలల అద్దె బాకీ పడినా, ఇల్లు వేరేవాళ్లకు అద్దెకిచ్చినా మాత్రం అనవచ్చు.

9.2. ఆ 6 నెలలు పూర్తయ్యాకే నోటీసు ఇవ్వవచ్చు. ఎవరు ఇచ్చినా 2 నెలల ముందు, కాగితం మీద సంతకంతో ఇవ్వాలి. లేదా నోటీసుకు బదులు 2 నెలల అద్దె, అంటే 36,000 రూపాయలు, ఎదుటివారికి ఇవ్వాలి. వాట్సాప్ మెసేజ్, ఫోన్‌లో చెప్పిన మాట నోటీసు కింద లెక్కకు రావు.

9.3. డిపాజిట్ 1,00,000 రూపాయలు. దానికి వడ్డీ రాదు. చివరి నెలల అద్దెను డిపాజిట్‌లో సర్దుకోమని మీరు అడగకూడదు.

9.4. ఇల్లు పూర్తిగా ఖాళీ చేసి, తాళాలు అన్నీ అప్పగించిన రోజు నుంచి 15 రోజుల్లో ఓనరు డిపాజిట్ తిరిగి ఇవ్వాలి. అందులోంచి బాకీ ఉన్న అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, నీళ్ల బిల్లులు పట్టుకోవచ్చు. మీ వల్ల ఏదైనా పాడైతే బాగుచేయించిన ఖర్చును బిల్లు చూపించి పట్టుకోవచ్చు. రోజువారీ వాడకంతో వచ్చే అరుగుదలకు పట్టుకోకూడదు. పెయింటింగ్‌కు మాత్రం, మీరు ఎన్నాళ్లు ఉన్నా, ఒక నెల అద్దె 18,000 రూపాయలు పట్టుకుంటారు. దానికి బిల్లు చూపించనక్కర్లేదు.

9.5. గడువు తర్వాత కూడా ఇంట్లో ఉంటే, ఉన్న ప్రతి రోజుకూ రెట్టింపు అద్దె లెక్కన 1,200 రూపాయలు కట్టాలి. ఓనరు ఆ డబ్బు తీసుకున్నంత మాత్రాన గడువు పెంచినట్టు కాదు. ఖాళీ చేయించే హక్కు ఆయనకు అలాగే ఉంటుంది.

క్లాజు ఇంతే. ఇక్కడ నుంచి నా మాట.

9.1, 9.2 కలిపి చదవండి. పిన్ని ఫోన్‌లో "ఆరు నెలలేగా" అంది. కాదు. నోటీసు ఫిబ్రవరి 1కి ముందు ఇవ్వడానికి లేదు, ఇచ్చాక 2 నెలలు ఆగాలి. అంటే చేతి డబ్బు పోకుండా బయటికి వచ్చేది మార్చి 31న, 8 నెలలకు. కర్రీ పాయింట్ నడవక నవంబరు చివర్లోనే ఊరికి వెళ్లిపోవాల్సి వస్తే డిసెంబరు, జనవరి అద్దె 36,000 పోతుంది. పెయింటింగ్ 18,000 కలిపితే లక్షలో చేతికి వచ్చేది 46,000. ఇది తెలిసి సంతకం పెట్టాలనే నా టెన్షన్ అంతా.

"పట్టుకోవచ్చు" అన్న చోట అది ఓనరు ఇష్టం, మాట్లాడి తగ్గించుకోవచ్చు. "కట్టాలి" అన్న చోట ఆ వీలు లేదు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరే మాటలున్నాయి, అందుకే తెలుగులోనూ వేరుగా ఉంచాను.

నోటీసు కాలం గురించి మనం ఏమీ రాసుకోకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఇక్కడ 2 నెలలని రాసుకుంటున్నారు కాబట్టి అదే నడుస్తుంది. పక్కింటివాళ్లు 15 రోజులు చాలని చెబితే నమ్మకండి.

15 రోజుల్లో డిపాజిట్ ఇవ్వకపోతే ఓనరు ఏం కట్టాలో క్లాజులో ఎక్కడా లేదు. మీరు ఆలస్యం చేస్తే రోజుకు 1,200, ఆయన చేస్తే ఒక్క మాటా లేదు. నేను ఇందులో రాయలేదు, ఎందుకంటే అది ఆయన ఒప్పుకున్నది కాదు. శనివారం ఈ-స్టాంపు పేపరు ప్రింటు తీసే ముందే అడగండి, బాబాయ్. ఒప్పుకుంటే ఇంగ్లీషు కాపీలోనే చేర్పించండి. గోడలు, కుళాయిలు, కిచెన్ అల్మరాలు ఇప్పుడు ఎలా ఉన్నాయో తాళాలు తీసుకున్న రోజే ఫోటోలు తీసి నాకు పంపండి.