విషయం: నాన్నగారి అనారోగ్యం – సోమవారం వరకు సెలవు కోసం

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ అయ్యగారికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

రాత్రి భోజనాలయ్యాక అమ్మ ఫోన్ చేసింది. నాన్నగారికి బీపీ పెరిగి కుడి చెయ్యి, కాలు పడిపోయాయట. కొండపి దగ్గర మా ఊరి నుంచి ఆటోలో ఒంగోలు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. మాట తడబడుతోంది, మనుషుల్ని మాత్రం గుర్తుపడుతున్నారు. స్కానింగ్ రిపోర్టు చూశాకే ఏ సంగతీ చెబుతామన్నారు డాక్టర్లు.

అమ్మ ఒక్కతే ఉంది. పైగా ఇంటి దగ్గర బ్యారన్‌లో పొగాకు పెట్టి ఉంది, మధ్యలో మంట ఆపితే ఆకంతా పాడైపోతుంది. చిన్నాన్న అక్కడ రాత్రింబగళ్లు కాపలా ఉండాలి కాబట్టి ఆసుపత్రిలో ఉండటానికి నేనే వెళ్లాలి.

దయచేసి ఈరోజు గురువారం నుంచి సోమవారం వరకు సెలవు ఇప్పించండి. ఆదివారం కావలి సంఘంలో నా వంతు ప్రసంగానికి సీనియర్ ప్రసాద్ అన్న ఒప్పుకున్నారు. శుక్రవారం గ్రీకు టెస్ట్ తిరిగొచ్చాక రాయనిస్తారేమో సార్‌ను మీరు ఒక మాట అడిగితే మేలు. వార్డెన్‌గారికి చెప్పాను. మీ అనుమతి రాగానే బయలుదేరతాను.

సాయంత్రం చాపెల్‌లో నాన్నగారి కోసం ప్రార్థన చేయించండి అయ్యగారూ.

మీ విద్యార్థి,
సుధాకర్
బి.డి. రెండో సంవత్సరం