నోటీసు: లారీ కిరాయిలు, వకీలు ఫీజు మీద 2023-24 రివర్స్ ఛార్జ్ జీఎస్టీ బాకీ

రాఘవరావు గారూ, ఇది మీకూ మీ తమ్ముడికీ, ఇద్దరు పార్ట్‌నర్లకీ కలిపి రాస్తున్నాను, ఆయనకి కూడా చదివి వినిపించండి. జనవరి 5న మన ఫర్మ్ పేరు మీద జీఎస్టీ పోర్టల్‌లో రిటర్నుల్లో తేడాలకి వివరణ అడిగే ASMT-10 నోటీసు పడింది. ఖమ్మం కొట్టుకి ఎవరూ వచ్చి కాయితం ఇవ్వలేదని ఊరుకోవడానికి లేదు, పోర్టల్‌లో పడితే అందినట్టే లెక్క. ఫిబ్రవరి 4 లోపు ASMT-11 ఫారంలో జవాబు పెట్టాలి.

వాళ్ళు అడిగేది ఇదీ. 2023-24 లాభనష్టాల పట్టికలో సరుకు రవాణా ఖర్చు 9,64,000, లీగల్ అండ్ ప్రొఫెషనల్ ఛార్జీలు 1,86,000 చూపించాం. ఆ ఏడాది నెలనెలా వేసిన GSTR-3B రిటర్నుల్లో, సర్వీసు తీసుకున్నవాడే కట్టాల్సిన రివర్స్ ఛార్జ్ పన్ను చూపించే 3.1(d) గడి మాత్రం పన్నెండు నెలలూ సున్నా. రెండూ పక్కపక్కన పెట్టుకుని, రవాణా మొత్తం మీద 5 శాతం అంటే 48,200, లీగల్ మొత్తం మీద 18 శాతం అంటే 33,480, కలిపి 81,680 రివర్స్ ఛార్జ్ కింద కట్టలేదు, ఎందుకని అడుగుతున్నారు. వడ్డీ వేరే.

ఫోన్లో మీరన్న మాట నాకు గుర్తుంది, "ట్రాన్స్‌పోర్ట్ వాడు బిల్లులో ట్యాక్స్ వేయలేదు, వకీలు గారు అడగలేదు, మనమేం ఎగ్గొట్టాం" అని. అడగకపోవడం నిజమే, అడిగే పని వాళ్ళది కాదు కూడా. సీజీఎస్టీ చట్టం 9(3) సెక్షన్ కింద 2017 జూన్ 28న వచ్చిన 13/2017 నోటిఫికేషన్‌లో కొన్ని సర్వీసులు రాశారు, వాటికి పన్ను కట్టాల్సింది సర్వీసు తీసుకున్నవాడే. ఎల్‌ఆర్, అంటే సరుకు బిల్టీ, ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ, వ్యాపార సంస్థకి పని చేసిపెట్టే అడ్వకేట్, రెండూ అందులో ఉన్నాయి. మనది రిజిస్టర్ అయిన పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కాబట్టి తప్పించుకునే దారి లేదు. కన్‌సైన్‌మెంట్ కిరాయి 1,500 దాటకపోతే పన్ను లేదు కదా అని మీ తమ్ముడు అన్నాడు. ఆ మినహాయింపు 2022 జూలై 18 నుంచి తీసేశారు, ఇంకా చాలామంది అదే పట్టుకుని కూర్చున్నారు.

అలాగని 81,680 ఒప్పుకుని కట్టేయడం కూడా శుద్ధ దండగ. మొత్తం లెడ్జర్ మీద శాతం వేసేశారు తప్ప లోపల ఏముందో వాళ్ళకి తెలియదు, తెలియజెప్పాల్సింది మనం. వోచర్లు ముందేసుకుని విడగొట్టాను. 9,64,000 లో హమాలీ కూలి 1,34,000, అది రవాణాయే కాదు. టాటా ఏస్ బండ్లకీ, సొంత లారీ ఓనర్లకీ ఎల్‌ఆర్ లేకుండా చేతికిచ్చిన కిరాయి 2,10,000. బిల్టీ రాయని బండి కిరాయి ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ సర్వీసు కిందికి రాదు, దానికి మినహాయింపు ఉంది. ఇంకో 1,40,000 ఒక ట్రాన్స్‌పోర్టర్ తనే 12 శాతం వేసి బిల్లు ఇచ్చాడు, ఆ పన్ను వాడే కట్టాడు, మళ్ళీ మనం కట్టక్కర్లేదు. మిగిలింది 4,80,000. అందులో హైదరాబాద్ నుంచి పైపులు తెచ్చిన ఏజెన్సీకి 3,00,000, మోర్బీ నుంచి టైల్స్ తెచ్చినవాళ్ళకి 1,80,000. దీని మీద 5 శాతం, 24,000, ఇది మాత్రం కట్టాల్సిందే.

లీగల్ లెడ్జర్ అయితే కిచిడీ లాగా ఉంది. ఆడిటర్ గారి ఫీజు 60,000, రిటర్నులు వేసినాయనకి 36,000, కోర్టు ఫీజులూ స్టాంపులూ 15,000, అన్నీ అందులోనే పడేశారు. ఇవేవీ అడ్వకేట్ సర్వీసు కాదు. వకీలు గారికి చెక్ బౌన్స్ కేసుకీ గోడౌన్ తగాదాకీ ఇచ్చింది 75,000, దాని మీద 18 శాతం చొప్పున 13,500. అంటే అసలు బాకీ మొత్తం 37,500. హెడ్ల వారీగా సీజీఎస్టీ 14,250, ఎస్‌జీఎస్టీ 14,250, మోర్బీ ఏజెన్సీ గుజరాత్‌లో ఉంది కాబట్టి వాళ్ళ కిరాయి మీద ఐజీఎస్టీ 9,000.

ఏడాదికి 18 శాతం వడ్డీ తప్పదు. ఏ నెలకా నెల లెక్కేయాలి కానీ ఇప్పటికి సుమారు 14,600 అవుతుంది, నాలుగు వందలు అటూఇటూ. పెనాల్టీ లేదు. షోకాజ్ నోటీసు రాకముందే పన్నూ వడ్డీ కట్టేస్తే 73(5), 73(6) ప్రకారం పెనాల్టీ వేయకూడదు. నాన్చి నాన్చి ఆర్డర్ దాకా తెచ్చుకుంటే పన్నులో 10 శాతం లేదా 10 వేలు, ఏది ఎక్కువైతే అది పడుతుంది.

ఇంకో సంగతి, క్రెడిట్ లెడ్జర్‌లో లక్ష దాకా ఉంది కదా, అందులోంచి కొట్టేద్దాం అనుకోకండి. రివర్స్ ఛార్జ్ పన్ను క్యాష్ లెడ్జర్ నుంచే కట్టాలి. బ్యాంకులో 53,000 రెడీగా ఉంచండి, చలానా నేను చేస్తాను, మనంతట మనమే కట్టేటప్పుడు వాడే DRC-03 ఫారంలో కట్టి ఆ నంబరు జవాబులో రాద్దాం.

కట్టినదంతా పోయినట్టు కాదు. వకీలు గారికీ మోర్బీ ఏజెన్సీకీ జీఎస్టీ నంబరు లేదు కాబట్టి మనమే సెల్ఫ్ ఇన్‌వాయిస్ వేసుకోవాలి. అలాంటి చోట ఐటీసీ, అంటే కట్టిన పన్నుకి క్రెడిట్, తీసుకునే గడువు మనం ఇన్‌వాయిస్ వేసిన ఏడాది నుంచి లెక్కించాలని 2024 జూన్ 26 నాటి 211 నంబరు సర్క్యులర్ చెప్పింది. ఆ ప్రకారం 22,500 మళ్ళీ 3B లో తీసుకుందాం, సర్క్యులర్ కాపీ ఫైల్లో పెడతాను, ఆఫీసర్ గారు అడిగితే అదే చూపిద్దాం. హైదరాబాద్ ఏజెన్సీ రిజిస్టర్ అయినవాళ్ళు, బిల్లు వాళ్ళదే, దాని గడువు 2024 నవంబర్ 30తో అయిపోయింది. ఆ 15,000 మాత్రం చేతికి రాదు, నాకూ బాధగానే ఉంది.

2022-23 కూడా ఇలాగే సున్నాలతో ఉంది, దానికి 2026 సెప్టెంబర్ 30 దాకా నోటీసు ఇవ్వొచ్చు. 2024-25 కి కొత్త 74ఏ సెక్షన్, అక్కడ గడువు ఇంకా ఎక్కువ. ఈ రెండేళ్ళవీ వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మనమే లెక్కేసి కట్టడం మంచిదని నా అభిప్రాయం, రోజు గడిచేకొద్దీ పెరిగేది వడ్డీయే. ఈ నెల నుంచి టాలీలో హమాలీకి, ఎల్‌ఆర్ ఉన్న కిరాయికి, లేనిదానికి మూడు వేర్వేరు లెడ్జర్లు పెట్టమని గుమస్తాకి చెప్పాను, వకీలు ఫీజుకి కూడా విడిగా ఒకటి.

శనివారం లోపు నాకు కావాల్సినవి: 2023-24 ఎల్‌ఆర్‌లన్నీ (మోర్బీవి తడిసి అతుక్కుపోయాయి, విడదీసేటప్పుడు చింపకండి, నంబరు కనబడకపోతే కష్టం), 12 శాతం వేసిన ట్రాన్స్‌పోర్టర్ బిల్లులు, టాటా ఏస్ వాళ్ళ సంతకాలున్న వోచర్లు, వకీలు గారి రసీదులు, హమాలీ కూలి పుస్తకం. వోచర్లలో ఒక్కదాని వెనక బిల్టీ పిన్ చేసి ఉన్నా దాన్ని పక్కన పెట్టి నాకు ఫోన్ చేయండి, అది 2,10,000 లోంచి తీసేసి మళ్ళీ లెక్క వేయాలి.